ఇన్‌వాయిస్‌ల లెక్క, 4వ పాఠం: ఎక్సెల్ చాలునా, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కావాలా?

గత పాఠంలోని ఎక్సెల్ ఇన్‌వాయిస్ రిజిస్టర్‌ను వాడి చూసిన చాలామంది, నెలాఖరుకు బాకీలు తేలడం లేదని తెలిపారు. వారి షీట్లలో కూడికలు సరిగానే ఉన్నాయి. వసూళ్ళు ఎక్కించిన తీరులోనే చిక్కు వచ్చింది. ఎక్సెల్‌లో ఉండాలా, సాఫ్ట్‌వేర్‌కు మారాలా అన్నది కూడా ఆ చిక్కును బట్టే తేలుతుంది కనుక, ముందు దానిని విప్పుదాం.

వారానికి 50 ఇన్‌వాయిస్‌లు రాసే ఒక విద్యుత్ సామాన్ల టోకు దుకాణాన్ని ఊహించండి. ఒక ఖాతాదారు పేర రూ. 18,400, రూ. 9,250, రూ. 12,600 చొప్పున మూడు ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి. అతడు రెండవదానిలో రూ. 1,250 విలువైన సరుకు తిప్పి పంపి, ఆపైన ఒకేసారి రూ. 30,000 జమ చేశాడు. చాలామంది ఇక్కడ 9,250ని చెరిపి 8,000 అని దిద్దేశారు. దయచేసి ఎన్నడూ అలా చేయకండి. ఆ ఇన్‌వాయిస్ అమ్మకాల జీఎస్టీ రిటర్ను అయిన జీఎస్టీఆర్-1లో 9,250గా చేరిపోయి ఉంటే, మీ షీటుకూ రిటర్నుకూ పొంతన పోతుంది. ఎందుకు పోయిందో చెప్పే ఆధారం కూడా మిగలదు. తిరిగివచ్చిన సరుకుకు క్రెడిట్ నోటు రాయాలి, ఇన్‌వాయిస్ మొత్తం మాత్రం రాసినది రాసినట్లే ఉండాలి.

వసూళ్ళకు, క్రెడిట్ నోట్లకు Receipts అనే వేరే షీటు పెట్టండి. అందులో A నిలువు వరుసలో ఇన్‌వాయిస్ నంబరు, C నిలువు వరుసలో సొమ్ము ఉండాలి. ముప్పై వేలను 18,400, 8,000, 3,600గా మూడు పద్దులు చేసి, 1,250 క్రెడిట్ నోటును నాలుగవ పద్దుగా రాయండి. రిజిస్టర్‌లో A2 ఇన్‌వాయిస్ నంబరు, B2 దాని మొత్తం అయితే, బాకీ గడిలో ఈ సూత్రం చాలు:

```
=B2-SUMIFS(Receipts!C:C,Receipts!A:A,A2)
```

మూడవ ఇన్‌వాయిస్‌పై రూ. 9,000 బాకీ తేలుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. సరుకు ఇచ్చినప్పుడే సొమ్ము చేతికి వచ్చే దుకాణానికి వారానికి 60 ఇన్‌వాయిస్‌లైనా, రాసేది ఒక్కరే అయితే, ఎక్సెల్ సరిపోతుంది. అరువు బేరాలలో మాత్రం ఒక్కొక్క జమను ఇలా చేతితో విడగొట్టవలసి వస్తుంది. అటువంటివి వారానికి పది దాటినా, ఇద్దరు రాస్తున్నా, నేనైతే సాఫ్ట్‌వేర్‌కే మారమంటాను. వార్షిక టర్నోవరు రూ. 5 కోట్లు దాటినవారు వ్యాపార సంస్థలకిచ్చే ఇన్‌వాయిస్‌లను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి గనుక, వారు ఇక ఆలోచించవలసిన పని లేదు.

అయితే టాలీ వంటి సాఫ్ట్‌వేర్‌లోనూ జమను ఇన్‌వాయిస్‌కు ముడిపెట్టకుండా ‘ఆన్ అకౌంట్’ కింద వదిలేస్తే పాత గందరగోళమే తిరిగి వస్తుంది. ఖాతాదారు మొత్తం బాకీ సరిగానే కనిపిస్తుంది కాని, ఏ ఇన్‌వాయిస్ ఎన్నాళ్ళుగా నిలిచి ఉందో తెలియదు. జమ రాసేటప్పుడే ‘ఎగెనెస్ట్ రెఫరెన్స్’ ఎంచుకుని ఇన్‌వాయిస్ నంబరు చూపాలి.

అభ్యాసం: అరువు ఎక్కువగా ఉన్న ముగ్గురు ఖాతాదారుల గత మూడు నెలల జమలన్నిటినీ పై పద్ధతిలో విడగొట్టి, వచ్చిన బాకీలను వారి పుస్తకాలతో సరిచూడండి. తేడా వచ్చిన ప్రతి పద్దు పక్కన కారణం రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో ప్రారంభ నిల్వలను ఆ జాబితాతోనే ఎక్కిద్దాం.