సముద్రగర్భ భూకంపం తర్వాత సునామీ ఎప్పుడు, ఎంత ఎత్తున వస్తుందో చేతి లెక్కతో అంచనా వేయడం ఎలా?

కడపలో హైస్కూలు పిల్లలకు తరంగాల పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్కను నల్లబల్ల మీద వారి చేతే వేయిస్తాను. వారిలో చాలామంది సముద్రాన్ని చూసింది నెల్లూరు జిల్లా మైపాడు తీరంలోనే. నడిసముద్రంలో మోకాలెత్తు దాటని నీటి ఉబ్బు అటువంటి తీరానికి వచ్చేసరికి ఇంటి తలుపును ఎలా ముంచుతుందన్నదే వారు ప్రతిసారీ అడిగే ప్రశ్న. దీనికి గుణకారం, వర్గమూలం తెలిస్తే సరిపోతుంది. ఉదాహరణగా 2004 డిసెంబరు 26 నాటి సునామీని తీసుకుందాం.

మొదట చూడవలసింది: సముద్రపు అడుగు పైకి లేచిందా?

భూకంప తీవ్రత ఒక్కటే చూసి సునామీ వస్తుందని నిర్ణయించకూడదు. నీటిని కదిలించేది భూమి ఊగడం కాదు, సముద్రపు అడుగు నిలువుగా స్థానం మారడం. ఇండోనేషియాలోని సుమత్రా దీవికి పడమటగా, సముద్రగర్భంలో సుండా ట్రెంచ్ అనే లోతైన అగడ్త ఉంది. అక్కడ భూమి పైపొరలోని పెద్ద రాతి పలకల్లో ఒకటైన భారత పలక తూర్పున ఉన్న పలక కిందికి దూరుతూ ఉంటుంది. రెండు పలకలు రాపిడి వల్ల ఒకదానికొకటి పట్టుకుపోయినప్పుడు, కిందికి పోయే పలక తనతోపాటు పై పలక అంచును కూడా వందల ఏళ్లపాటు నెమ్మదిగా లాగుతుంది. ఆ పట్టు తెగిన క్షణంలో వంగి ఉన్న అంచు ఒక్కసారిగా పైకి లేస్తుంది. దాని వెనుక తూర్పు వైపు ఉన్న భాగం కొంత కుంగుతుంది. 2004లో 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఈ పట్టు సుమత్రా నుంచి అండమాన్ వరకు దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవునా తెగింది.

అడుగు లేచిన ప్రాంతం వెడల్పు కూడా పదుల కిలోమీటర్లలో ఉండడంతో, దానిపైనున్న నీటికి పక్కలకు జారిపోయే వ్యవధి దొరకలేదు. అందువల్ల సముద్రపు పైమట్టం అడుగు మారిన ఆకారాన్నే దాదాపుగా పొందింది. అలా పొంగిన నీటిని గురుత్వాకర్షణ సమం చేయబోగా, అది రెండు వైపులకూ అలలుగా విడిపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ 2012 ఏప్రిల్ 11న కనిపించింది. సుమత్రా పడమటి సముద్రంలోనే 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినా, అక్కడ పలకలోని భాగాలు పక్కపక్కగా ఒరుసుకుంటూ జరిగాయే తప్ప అడుగు చెప్పుకోదగినంతగా లేవలేదు. అందుకే చిన్న అల మాత్రమే పుట్టింది. కాబట్టి వార్త వినగానే భూకంప కేంద్రం సముద్రం కిందనే ఉందా, భూమిలో తక్కువ లోతులోనే ఉందా, కదలిక నిలువుదా అడ్డుదా అన్న మూడు విషయాలను చూడాలి.

తర్వాత వేగం, రాక సమయం

గాలికి పుట్టే మామూలు అల పొడవు వంద మీటర్ల స్థాయిలో ఉంటుంది. దాని కదలిక పైనున్న కొద్దిపాటి నీటికే పరిమితం కాబట్టి అడుగు ఎంత లోతున ఉన్నా దానికి తేడా ఉండదు. సునామీ పొడవు వందల కిలోమీటర్లు కావచ్చు; అంత పొడవు ముందు మూడు నాలుగు కిలోమీటర్ల లోతైన సముద్రం కూడా పలుచని పొరే. ఈ అలలో పైనుంచి అడుగు దాకా ఉన్న నీరంతా కదులుతుంది కనుక, దాని వేగాన్ని లోతే నిర్ణయిస్తుంది:

```
v = √(g × h)
```

ఇక్కడ g అంటే గురుత్వ త్వరణం, 9.8, h అంటే మీటర్లలో నీటి లోతు. బంగాళాఖాతంలో 3,000 మీటర్ల లోతు తీసుకుంటే 29,400కు వర్గమూలం సుమారు 171 వస్తుంది. అంటే సెకనుకు 171 మీటర్లు, గంటకు దాదాపు 617 కిలోమీటర్లు. పట్టు తెగిన భాగంలోనే ఉన్న నికోబార్ దీవుల నుంచి చెన్నైకి దూరం సుమారు 1,400 కిలోమీటర్లు కనుక ప్రయాణానికి రెండు గంటల పదహారు నిమిషాలు పడుతుంది. తీరం దగ్గరి లోతు తక్కువ భాగంలో వేగం తగ్గుతుంది కాబట్టి దీనికి మరో ఇరవై నిమిషాలు కలపాలి. భూకంపం మన సమయం ప్రకారం ఉదయం 6:29కి మొదలైంది. లెక్క ప్రకారం అల 9 గంటలు దాటాక రావాలి. నిజంగానే చెన్నైని అల 9 గంటల ప్రాంతంలోనే తాకింది. ఒక్క వర్గమూలంతో ఇంత దగ్గరగా రావడం చూసిన పిల్లల ముఖాలు నాకు ప్రతి ఏటా సంతోషం కలిగిస్తాయి.

ఎత్తు ఎందుకు పెరుగుతుంది?

ఇదే అసలు విషయం. అల తీరానికి వస్తున్నప్పుడు దాని వేగం తగ్గుతుంది గాని, ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య కాలవ్యవధి మారదు. ఆ వ్యవధి 20 నిమిషాలు అనుకుందాం. 3,000 మీటర్ల లోతులో అల ఆ 20 నిమిషాల్లో 206 కిలోమీటర్లు పోతుంది. అదే దాని పొడవు. 10 మీటర్ల లోతులో వేగం సెకనుకు 9.9 మీటర్లే కనుక పొడవు 12 కిలోమీటర్లకు కుదించుకుపోతుంది. అనంతపురం దారిలో గొర్రెల మంద ముందు భాగం వాగు దగ్గర నెమ్మదించినప్పుడు, వెనుకవి అదే నడకతో వచ్చి ముందువాటిని ఒత్తుకోగా మంద పొడవు తగ్గుతుంది. అలలో ముందు భాగం లోతు తక్కువ నీటిలోకి వచ్చినప్పుడు జరిగేది కూడా ఇటువంటిదే.

పొడవు తగ్గినంత మాత్రాన అలలోని శక్తి పోదు. ఆ శక్తి అల ఎత్తు వర్గాన్ని పొడవుతో గుణించిన విలువకు అనుగుణంగా ఉంటుంది. పొడవు దాదాపు 17 రెట్లు తగ్గింది కాబట్టి ఎత్తు వర్గం 17 రెట్లు పెరగాలి; అంటే ఎత్తు నాలుగు రెట్లకు పైగా పెరగాలి. దీన్నే సూటిగా లెక్కించాలంటే పాత లోతును కొత్త లోతుతో భాగించి నాలుగో మూలం తీయాలి. ఫోన్‌లోని కాలిక్యులేటర్‌లో వర్గమూలం మీటను రెండుసార్లు నొక్కితే చాలు. 3,000ను 10తో భాగిస్తే 300. ఒకసారి నొక్కితే 17.3, మళ్లీ నొక్కితే 4.16.

ఆ రోజు జేసన్-1 ఉపగ్రహం, భూకంపం తర్వాత దాదాపు రెండు గంటలకు, హిందూ మహాసముద్రం నడుమ అల ఎత్తును సుమారు 60 సెంటీమీటర్లుగా కొలిచింది. దాన్ని 4.16తో గుణిస్తే రెండున్నర మీటర్లు వస్తుంది. నడిసముద్రంలో ఆ 60 సెంటీమీటర్లు వంద కిలోమీటర్ల వాలులో పరచుకుని ఉంటాయి కాబట్టి పడవలో ఉన్నవారికి తెలియనే తెలియదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఈ సూత్రం లోతు క్రమంగా తగ్గే తిన్నని తీరానికే వర్తిస్తుంది. అల ఎత్తు నీటి లోతుతో పోల్చదగినంత అయ్యాక అల విరుగుతుంది, అడుగు రాపిడికి కొంత శక్తి పోతుంది, అక్కడి నుంచి నాలుగో మూలాన్ని నమ్మకూడదు. కొండల మధ్య సన్నని అఖాతాల్లో నీరు ఒకచోటికి పోగై ఇంకా లేస్తుంది. భూకంప కేంద్రానికి దగ్గర్లో ఉన్న సుమత్రాలోని లోక్‌ంగాలో నీరు నేలపై 30 మీటర్ల ఎత్తు వరకు ఎక్కింది. అందుకే మన దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రం కచ్చితమైన లోతుల పటాలతో కంప్యూటర్ నమూనాలు నడుపుతుంది. అల నిజంగా పుట్టిందో లేదో సముద్రపు అడుగున ఉంచిన పీడన మాపకాల ద్వారా సరిచూసుకుంటుంది.

సముద్రం వెనక్కి పోతేనే సునామీ అని చాలామంది నమ్మడం మరో పొరపాటు. 2004లో అడుగు కుంగిన తూర్పు వైపు, అంటే థాయిలాండ్ తీరంలో, నీరు ముందుగా వెనక్కి పోయింది. అడుగు లేచిన పడమటి వైపుకు, అంటే మన తీరానికి, ముందుగా వచ్చింది శిఖరమే. పైగా మొదటి అలే పెద్దదై ఉండాలన్న నియమం లేదు. తర్వాతివి పదుల నిమిషాల ఎడంతో గంటల తరబడి వస్తుంటాయి. కనుక లెక్కలో వచ్చిన రాక సమయాన్ని ప్రమాదం మొదలయ్యే వేళగానే తీసుకోవాలి గాని, అది గడిచిపోగానే తీరానికి తిరిగి వెళ్లవచ్చని అనుకోకూడదు.