బెంగళూరులో డెలివరీ పనికి దిగుతున్నారా? ఐడీ బ్లాక్ అయితే ఏం చేయాలి

మారతహళ్లి, మడివాళ, బీటీఎం పీజీల్లో దిగే మన కుర్రాళ్లలో చాలామందికి మొదట దొరికే పని డెలివరీయే. బండి, లైసెన్స్, ఫోన్ ఉంటే రెండు మూడు రోజుల్లో ఐడీ, అంటే డెలివరీ యాప్‌లో పనిచేసే ఖాతా, వచ్చేస్తుంది. అది అంత తేలిగ్గానే పోతుంది కూడా. పొద్దున లాగిన్ అయితే స్క్రీన్ మీద ఖాతా నిలిపేశామని ఒక లైను కనిపిస్తుంది, అంతే. బెంగళూరులో మాత్రం దీనికి ఒక చట్టం ఉంది. దాన్ని ఎలా వాడుకోవాలో, అది ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలిస్తే మంచిది.

మొదటి మాట, అద్దె ఐడీ జోలికి పోవద్దు. ఊరి నుంచి దిగిన వారంలోనే ఎవరో ఒకరు ‘నా ఐడీ ఖాళీగా ఉంది అన్నా, వారానికి ఇంత ఇచ్చి నడుపుకో’ అంటారు. లైసెన్స్ ఇంకా చేతికి రానివాళ్లు దీనికి ఒప్పుకుంటారు. యాప్ మధ్యలో సెల్ఫీ అడుగుతుంది, ముఖం కలవకపోతే ఐడీ పోతుంది. ఆ వారం డబ్బు ఐడీ యజమాని బ్యాంకు ఖాతాలో పడుతుంది. మీ పేరు ఎక్కడా లేదు కాబట్టి ఏ ఆఫీసుకు వెళ్లినా మీరు అక్కడ పనిచేసినట్టే ఉండదు. కింద చెప్పేదంతా సొంత పేరుతో ఐడీ ఉన్నవాళ్లకే.

కర్ణాటకలో యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ల కోసం తెచ్చిన ప్లాట్‌ఫాం గిగ్ కార్మికుల చట్టం 2025 మేలో ఆర్డినెన్స్‌గా వచ్చి, అదే ఏడాది అసెంబ్లీ ఆమోదంతో చట్టమైంది. ఇన్సూరెన్స్, సంక్షేమ నిధి గురించే అందరూ మాట్లాడుకుంటారు గానీ, మనకు అసలు పనికొచ్చే భాగం వేరే ఉంది. ఏ కారణాలతో ఐడీ తీసేయవచ్చో కంపెనీ ఒప్పందంలో ముందే పూర్తిగా రాయాలి. తీసేసేటప్పుడు కారణం రాతపూర్వకంగా చెప్పాలి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒప్పందంలో షరతులు మార్చాలన్నా అంతే ముందుగా తెలియజేయాలి. మీ మాట వినడానికి ఒక మనిషి అందుబాటులో ఉండాలి. ఒప్పందమైనా, ఆ మనిషి ఇచ్చే జవాబైనా కన్నడలోనో ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న మీకు తెలిసిన భాషలోనో ఉండవచ్చు. తెలుగు ఆ షెడ్యూల్‌లో ఉంది, కాబట్టి తెలుగులో అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇది చేతల్లో ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. మదనపల్లె నుంచి వచ్చిన కుర్రాడు అనుకోండి. శనివారం రాత్రి ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లాడు. సెక్యూరిటీ లోపలికి పంపలేదు, కస్టమర్ ఫోన్‌లో ‘గేటు దగ్గర పెట్టేయండి’ అన్నాడు, ఇతను పెట్టి ఫొటో తీసి వచ్చేశాడు. ఆర్డర్ అందలేదని కస్టమర్ ఫిర్యాదు చేశాడు. ఆదివారం పొద్దున ‘మోసపూరిత చర్య’ అని ఐడీ బ్లాక్. వారం పేఅవుట్ 4,200 రూపాయలు రావాలి. వేరే క్యాష్ ఆర్డర్లవి 1,850 చేతిలోనే ఉన్నాయి.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. ‘నా 4,200 ఇచ్చాకే వాళ్ల 1,850 ఇస్తా’ అని డబ్బు పట్టుకుని కూర్చుంటారు. కోపం న్యాయమైనదే, కానీ దానివల్ల మోసం అన్న ఆరోపణకు మీరే సాక్ష్యం అందించినట్టవుతుంది. డిపాజిట్ చేసే దారి యాప్‌లో మూసుకుపోతే, ఎక్కడ కట్టాలో మెయిల్‌లో అడగండి. కంపెనీ హబ్‌లో కడితే తేదీ, మొత్తం రాయించుకుని సంతకం తీసుకోండి. రసీదు లేకుండా టీఎల్, అంటే టీమ్ లీడర్, చేతిలో పెట్టొద్దు, అతను మన జిల్లావాడైనా సరే.

తర్వాత సాక్ష్యాలు. ఐడీ బ్లాక్ అయ్యాక పాత ఆర్డర్లు, చాట్లు యాప్‌లో తెరుచుకోకపోవచ్చు. అందుకే వారానికోసారి పేఅవుట్, రేటింగ్, రైడర్ ఐడీ నంబరు స్క్రీన్‌షాట్ తీసి వేరేచోట దాచుకోవాలి. ఒప్పందం చేరిన రోజే దించుకోవాలి. మన కుర్రాడికి ఇంకో సాక్ష్యం ఉంది. గేటు దగ్గర రిజిస్టర్‌లోనో, సెక్యూరిటీ ఫోన్‌లోనో అతని ఎంట్రీ, టైము ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లి మర్యాదగా అడిగి ఫొటో తీసుకోవాలి. కెమెరా రికార్డింగ్ చెరిగిపోయాక అడిగి లాభం లేదు.

ఇక టికెట్, అంటే కంపెనీ సపోర్ట్‌కు రాసి పెట్టే ఫిర్యాదు. ‘సార్ ప్లీజ్ ఐడీ ఆన్ చేయండి, ఇంట్లో కష్టంగా ఉంది’ అని రాస్తే ఒక రెడీమేడ్ జవాబు వస్తుంది. దాని బదులు ఇలా రాయాలి: ‘నా రైడర్ ఐడీ ఇది. ఫలానా తేదీన ముందస్తు నోటీసు లేకుండా ఖాతా నిలిపివేశారు. ఏ ఆర్డర్ గురించి, ఒప్పందంలోని ఏ కారణం కింద నిలిపివేశారో రాతపూర్వకంగా తెలపండి. ఇది తాత్కాలికమా, శాశ్వతమా చెప్పండి. సిస్టమ్ తనంతట తాను తీసుకున్న నిర్ణయమైతే, ఒక మనిషి చేత మళ్లీ పరిశీలింపజేయండి. నాకు రావాల్సిన 4,200 రూపాయలు చెల్లించండి.’ దీనికి ఫొటో, కాల్ లాగ్, గేటు ఎంట్రీ జతచేయాలి. టికెట్ నంబరు జాగ్రత్త.

టీఎల్ ‘నేను చూసుకుంటాలే’ అనడం మామూలే. చాలాచోట్ల అన్‌బ్లాక్ చేసే అధికారం అతని చేతిలో ఉండదు. అతనికి చెప్పండి, కానీ టికెట్ ఆపొద్దు.

జవాబు రాకపోతే కంపెనీ అంతర్గత వివాద పరిష్కార కమిటీకి వెళ్లాలి. 50 మందికి పైగా గిగ్ కార్మికులున్న కంపెనీకి ఈ కమిటీ ఉండాలని చట్టం చెబుతోంది. అక్కడా తేలకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్ ఆ శాఖ కార్యాలయం. ఒక్కరే వెళ్లడం కంటే ఏదైనా యాప్ కార్మికుల యూనియన్ ద్వారా వెళ్తే నయం, వాళ్లకు ఏ టేబుల్ దగ్గర ఏ కాగితం అడుగుతారో తెలుసు.

హద్దులు కూడా తెలుసుకోవాలి. ఈ చట్టం మిమ్మల్ని ఉద్యోగిగా మార్చదు. ఫ్యాక్టరీ కార్మికుడిని తీసేస్తే ఇచ్చే పరిహారం లాంటిది దీని కింద అడగలేరు. కారణం, నోటీసు, విచారణ అడగవచ్చు. ఐడీ తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు. మొదటి ఉల్లంఘనకు జరిమానా కూడా వేలల్లోనే, పెద్ద కంపెనీకి అదొక లెక్క కాదు. దొంగతనం, కస్టమర్ భద్రత లాంటి ఆరోపణలొస్తే కంపెనీలు వెంటనే ఆపేసి, దానికి ‘తాత్కాలిక సస్పెన్షన్’ అని పేరు పెడతాయి. అందుకే టికెట్‌లో తాత్కాలికమా, శాశ్వతమా అని అడగమన్నది.

ఇంకొకటి, ఐడీ బ్లాక్ చేయకుండానే ఆర్డర్లు ఎండిపోవడం. లాగిన్‌లోనే ఉంటారు, పక్కవాడికి వరుసగా మోగుతుంది, మీకు మోగదు. దీన్ని తొలగింపు అని నిరూపించడం కష్టం, 14 రోజుల లెక్క దీనికి అక్కరకు రాదు. అయితే పని ఎలా పంచుతున్నారో, రేటింగ్ దేని మీద ఇస్తున్నారో అడిగే హక్కు చట్టంలో ఉంది. ఒకే ఏరియాలో నలుగురు కలిసి, తేదీలతో అడిగితే జవాబు దాటేయడం వాళ్లకు కష్టమవుతుంది.

రూమ్ అద్దె తక్కువని హోసూరుకో, పని ఎక్కువని చెన్నైకో మారాలనుకునేవాళ్లు ఉంటారు. సరిహద్దు దాటి అక్కడ పనిచేస్తే కర్ణాటక చట్టం వెంట రాదు. తమిళనాడులో 2023 చివర్లో గిగ్ కార్మికులకు సంక్షేమ బోర్డు పెట్టారు. అది సహాయాలు అందించే బోర్డు, ఐడీ తీసేసేముందు నోటీసు ఇప్పించేది కాదు. కేంద్ర సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చినా, అందులోనూ గిగ్ కార్మికులకు సంక్షేమ పథకాలే తప్ప బ్లాక్ గురించిన రక్షణ లేదు. అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది గనక తీసుకోండి, కానీ దాన్ని చూపించి ఐడీ ఆన్ చేయించుకోలేరు.