బిల్డర్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు: ఆ కంపెనీ డబ్బు ఏ సిస్టర్ కంపెనీకి పోతోందో చూసే విధానం

మొన్న మా బావ ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇస్తానంటే, ఆ బిల్డర్ కంపెనీ లెక్కలు ఓసారి చూద్దామన్నాను. ప్రైవేటు కంపెనీ అయినా లెక్కలు చూడొచ్చు, దీనికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు.

mca.gov.in లో యూజర్‌గా రిజిస్టర్ అయి, View Public Documents లో కంపెనీ పేరు గానీ దాని రిజిస్ట్రేషన్ నంబరైన సీఐఎన్ గానీ కొట్టి, 100 రూపాయలు ఫీజు కట్టాలి. చూడటానికి గడువుంటుంది కాబట్టి తెరిచిన వెంటనే కంపెనీ ఏటా లెక్కలు దాఖలు చేసే AOC-4 ఫారాలు, వాటి అటాచ్‌మెంట్లు దించేసుకోండి, అదీ కనీసం రెండేళ్లవి. మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు మామూలుగా అక్టోబరు చివరికి గానీ రావు, జూన్‌లో వెతికితే పాతవే దొరుకుతాయి. లిస్టెడ్ కంపెనీ అయితే ఈ తంటా లేదు, వార్షిక నివేదిక ఎక్స్ఛేంజ్ సైట్లో ఉచితం.

ఇక పీడీఎఫ్‌లో Related Party అని వెతకండి, అంటే డైరెక్టర్లు, వాళ్ల బంధువులు, వాళ్ల చేతిలోని కంపెనీలతో జరిగిన లావాదేవీల నోట్. స్టాండలోన్, అంటే ఆ ఒక్క కంపెనీ లెక్కల్లోనే చూడాలి, ఎందుకంటే గ్రూపంతా కలిపిన కన్సాలిడేటెడ్‌లో తల్లి కంపెనీకీ సబ్సిడరీలకీ మధ్య జరిగినవి కొట్టేసి చూపిస్తారు. అక్కడ ముందు పేర్లు, తర్వాత ఏడాదిలో జరిగిన లావాదేవీలు, చివర మార్చి 31 నాటి బాకీలు ఉంటాయి. చాలామంది బాకీలు చూసి వదిలేస్తారు, అసలు కథ లావాదేవీల్లో ఉంటుంది.

మేం చూసినదాంట్లో డైరెక్టర్ భార్య పేరున్న కంపెనీకి నిరుడు మార్చి నాటికి ఇచ్చిన అప్పు 6 కోట్లు. ఈ ఏడు ఇంకో 9 కోట్లు ఇచ్చారు, 1 కోటి వెనక్కి వచ్చింది. అంటే 14 ఉండాలి కదా, కానీ 11 అని ఉంది! ఆ 3 కోట్లు ఏమయ్యాయో వెతికితే కింద చిన్న అక్షరాల్లో 'రైటాఫ్' అని కనిపించింది, అంటే ఇక రాదని కొట్టేశారు. మా బావ మొహం చూడాలి అప్పుడు. ఇంకో కంపెనీకి బాకీ సున్నా, కానీ ఏడాదిలో 20 కోట్లు ఇచ్చి 20 కోట్లు తీసుకున్నారు. ఇలాంటి చోట ఏడాది చివర్లో తిరిగొచ్చి ఏప్రిల్‌లో మళ్లీ పోయిందేమో అన్నది వచ్చే ఏడాది నోట్‌లోనే తేలుతుంది.

దొరికిన ప్రతి పేరునూ అదే సైట్లో కంపెనీ మాస్టర్ డేటాలో కొడితే డైరెక్టర్ల పేర్లు ఉచితంగా వస్తాయి. ఎల్‌ఎల్‌పీలూ దొరుకుతాయి, మామూలు భాగస్వామ్య సంస్థలు మాత్రం దొరకవు.

పేర్లన్నీ రిపోర్టులోనే దొరుకుతాయనుకోవద్దు. స్నేహితుడి పేరు మీద, డ్రైవర్ పేరు మీద పెట్టిన కంపెనీ ఈ జాబితాకి ఎక్కదు. 2008 డిసెంబరులో సత్యం, ప్రమోటర్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నప్పుడు బంధం అందరికీ తెలిసిందే, ఇంగ్లీషులో Maytas అన్న పేరు తిరగేసి చదివితే Satyam. అంత సులువుగా అన్నిసార్లూ దొరకదు.

మా బావ ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు, ఆ రైటాఫ్ గురించి బిల్డర్ ఆఫీసులో అడిగితే సీఏని కనుక్కుని చెప్తామన్నారట.