కవర్ ఫొటోలో ఫోన్ నంబర్ తెగిపోతోందా? ఫ్లెక్సీ డిజైన్‌ను పేజీకి సరిపెట్టే పద్ధతి

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక చీరల షాపు ఉందనుకుందాం. బోర్డు కోసం పది అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తున్న ఫ్లెక్సీ వేయించారు. ఎడమ చివర దుర్గమ్మ బొమ్మ, మధ్యలో షాపు పేరు, కుడి చివర ఫోన్ నంబర్లు. అదే జేపీజీని ఫేస్‌బుక్ పేజీకి కవర్‌గా పెట్టారు. కంప్యూటర్లో చూస్తే అంచులు కొంచెం తగ్గాయి, అంతే. ఫోన్‌లో చూస్తే అమ్మవారూ లేరు, నంబర్లూ లేవు. పేరు ఒక్కటే మిగిలింది, అది కూడా మొదటి అక్షరం తెగిపోయి.

ఎందుకిలా అవుతుంది

ఫేస్‌బుక్ పేజీ కవర్‌ను కంప్యూటర్లో 851 × 315 పిక్సెల్స్‌గా, ఫోన్‌లో 640 × 360గా చూపిస్తుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వెడల్పును ఎత్తుతో భాగిస్తే ఎంతొస్తుందో అది చాలు. కంప్యూటర్‌కు 2.7, ఫోన్‌కు 1.78. ఒకే బొమ్మను రెండు వేరువేరు చట్రాల్లో నింపాలి కాబట్టి, చట్రంలో పట్టని భాగాన్ని ఫేస్‌బుక్ కోసేస్తుంది.

మన ఫ్లెక్సీ లెక్క 10 ÷ 3, అంటే 3.33. రెండు చట్రాల కంటే వెడల్పు ఎక్కువ. అందుకే రెండు చోట్లా పక్కలే పోయాయి. కంప్యూటర్లో మూడడుగుల ఎత్తుకు 8.1 అడుగుల వెడల్పే పడుతుంది, అటూ ఇటూ అడుగు లోపు పోతుంది. ఫోన్‌లో పట్టేది 5.33 అడుగులే. ఒక్కో వైపు రెండడుగుల నాలుగంగుళాలు మాయం. ఫ్లెక్సీలో దేవుడి బొమ్మ, నంబర్లు ఉండేది సరిగ్గా ఆ జాగాలోనే.

మీ బొమ్మకు కూడా ఇదే భాగహారం చేసి చూడండి. 2.7 దాటితే రెండు చోట్లా పక్కలు తెగుతాయి. 1.78కీ 2.7కీ మధ్యలో ఉంటే ఫోన్‌లో పక్కలు, కంప్యూటర్లో పైనా కిందా తెగుతాయి. సరిగ్గా 1.78 ఉంటే ఫోన్‌లో మొత్తం కనిపిస్తుంది, కంప్యూటర్లో మాత్రం పైభాగం, కిందిభాగం పోతాయి. కవర్‌ను వేలితో పైకీ కిందికీ జరిపి సర్దుదామని చాలామంది చూస్తారు. పక్కలు తెగిన బొమ్మకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

సరిచేయడం

మొదట ఏదైనా డిజైన్ యాప్‌లో 1640 × 924 పిక్సెల్స్ ఖాళీ కాన్వాస్ తీసుకోండి. ఇది ఫోన్ చట్రం ఆకారమే, కాబట్టి ఫోన్‌లో ఏదీ పోదు. కంప్యూటర్లో దీని ఎత్తులో 607 పిక్సెల్స్ మాత్రమే కనిపిస్తాయి. పైన సుమారు 158, కింద 158 పోతాయి. అందుకని ఆ కొలతల దగ్గర రెండు అడ్డగీతలు పెట్టుకోండి. గీతల మధ్యనున్న పట్టీయే మీ సేఫ్ జోన్. గీతల బయట రంగో, చీర అంచు డిజైనో ఉండాలి తప్ప చదవాల్సిన అక్షరం ఒక్కటీ ఉండకూడదు.

ఇప్పుడు పాత ఫ్లెక్సీ జేపీజీని 1400 వెడల్పుకు తగ్గిస్తే ఎత్తు 420 అవుతుంది, పట్టీలో హాయిగా పడుతుంది. దాన్ని నట్టనడుమ కాకుండా 50 పిక్సెల్స్ పైకి జరపండి. పేజీ ప్రొఫైల్ ఫొటో గుండ్రంగా వచ్చి కవర్ ఎడమ కింది మూలను కప్పుతుంది కాబట్టి కింద జాగా కావాలి. 50 జరిపాక కూడా పైగీతకూ ఫ్లెక్సీకీ మధ్య దాదాపు 45 పిక్సెల్స్ మిగులుతాయి. చుట్టూ మిగిలిన ఖాళీని ఫ్లెక్సీ అంచు దగ్గర రంగు తీసుకుని నింపండి. నేపథ్యం ఒకే మెరూన్ రంగైతే అతుకు కనిపించదు. ఒక పక్క ముదురు, ఒక పక్క లేత ఉన్న నేపథ్యమైతే అతుకు కనిపించి తీరుతుంది.

అప్పుడు ఫ్లెక్సీ వేసినవాళ్ల దగ్గర జేపీజీ కాదు, కోరల్ డ్రా ఫైల్ అడగండి. అందులో బొమ్మ, పేరు, నంబరు విడివిడిగా ఉంటాయి, ఎక్కడ కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. తెలుగు అక్షరాలు అను ఫాంట్లలో కొట్టి ఉంటే, ఫైల్ ఇచ్చే ముందు వాటిని కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా మార్చమని చెప్పండి. కోరల్‌లో అక్షరాలు సెలెక్ట్ చేసి `Ctrl+Q` నొక్కితే చాలు. లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో మీ షాపు పేరు ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా తెరుచుకుంటుంది. ప్రింటింగ్ ఫైల్ సీఎంవైకే అనే అచ్చు రంగుల పద్ధతిలో ఉంటుంది, దాన్ని తెరకు వాడే ఆర్‌జీబీలోకి మార్చి ఎగుమతి చేయకపోతే తెర మీద ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు రావచ్చు. అక్షరాలున్న కవర్‌కు జేపీజీ కంటే పీఎన్‌జీ మేలు, అంచులు చెదరవు.

తెలుగులో ఒక సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇంగ్లీషు టెంప్లేట్లలో మార్జిన్ అక్షరం అడుగు గీత వరకే లెక్కేసి ఉండొచ్చు. మనకు «వస్త్ర» అని రాస్తే సకు కింద తావత్తు, రావత్తు వేలాడతాయి, గుడి ఉన్న అక్షరాలైతే పైకి కూడా లేస్తాయి. సేఫ్ జోన్ కొలత పై గుడి కొస నుంచి కింది వత్తు కొస వరకు తీసుకోండి. పేరు నిలిచి వత్తు ఒక్కటి తెగితే, పేరంతా తెగినదాని కంటే అసహ్యంగా ఉంటుంది.

ప్రొఫైల్ ఫొటోలో మూలలు పోతే

చదరపు బొమ్మను గుండ్రంగా కోస్తే నాలుగు మూలలూ పోతాయి. 1000 × 1000 కాన్వాస్‌లో చదరపు లోగోను 700కు మించనివ్వకండి, 707 దగ్గర దాని మూలలు వలయాన్ని తాకుతాయి. గుండ్రటి లోగో అయితే 900 వరకు పెట్టొచ్చు. పొడుగాటి బోర్డును ఇక్కడ ఇరికించే ప్రయత్నం మానేయడమే మంచిది. పదికి మూడు బోర్డు వలయంలో పడుతుంది నిజమే, కానీ దాని ఎత్తు వలయం ఎత్తులో మూడో వంతు కూడా రాదు. కామెంట్ల పక్కన కనిపించే చిన్న చుక్కలో అదొక గీతలా ఉంటుంది. పేరులోని మొదటి అక్షరాన్నో, గుర్తునో మాత్రం పెట్టండి.

యూట్యూబ్, ఎక్స్

యూట్యూబ్ ఛానల్ బ్యానర్ 2560 × 1440. టీవీలో అంతా కనిపిస్తుంది, మిగతా చోట్ల మధ్యలో సన్నని పట్టీ మాత్రమే. అన్నిటిలోనూ మిగిలే భాగం నట్టనడుమ 1546 × 423. మన 1400 × 420 ముక్క అందులో చక్కగా కూర్చుంటుంది, ఈసారి పైకి జరపకుండా సరిగ్గా మధ్యలో పెట్టండి. మూడు పిక్సెల్సే మిగులుతాయి కాబట్టి వత్తులు ఫ్లెక్సీ కింది అంచుకు ఆనుకుని ఉంటే 1300 వెడల్పుకు తగ్గించండి.

ఎక్స్ హెడర్ 1500 × 500. ముక్క కొలతకు పడుతుంది గానీ ప్రొఫైల్ వలయం ఎడమ కింద మీదికొస్తుంది. దాన్ని 1000 × 300కి తగ్గించి కుడివైపు, కాస్త పైకి పెట్టాలి.

మార్చాక కంప్యూటర్లో ఒకసారి, మరొకరి ఫోన్‌లో ఒకసారి చూడండి. మీ ఫోన్‌లోని యాప్ కాసేపు పాత బొమ్మనే చూపిస్తూ ఉండొచ్చు. బొమ్మ ఫోన్‌లోనే కాక రెండు చోట్లా మసకగా ఉంటే కోతతో సంబంధం లేదు. ఫైల్ వాట్సాప్‌లో ఫొటోగా వచ్చి ఉంటుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి.