గ్రాట్యుటీ కోసం రాసిన లేఖ తిరిగొచ్చిందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఒక స్పిన్నింగ్ మిల్లులో స్టోర్స్ సూపర్‌వైజర్‌గా పనిచేసిన వ్యక్తిని ఉదాహరణగా తీసుకుందాం. ఆయన 1998 ఆగస్టు 12న చేరి, 2026 మార్చి 31న రిటైరయ్యారు. గ్రాట్యుటీ కోసం కంపెనీకి ఆయన రాసిన మొదటి లేఖలో ముఖ్యమైన భాగం ఇది:

> "నేను మీ సంస్థలో సుమారు 27 ఏళ్లుగా నమ్మకంగా పనిచేశాను. నా జీతం 55,000 రూపాయలు. ఆ లెక్కన నాకు ఏడున్నర లక్షల దాకా రావాలి. ఏవైనా బాకీలుంటే మినహాయించుకుని, దయతో నా గ్రాట్యుటీ మంజూరు చేయగలరని ప్రార్థన."

మర్యాదగానే ఉంది. కానీ ఈ నాలుగు వాక్యాల్లో ప్రతి దానిలోనూ ఆయనకు నష్టం చేసే మాట ఒకటుంది. ఇలాంటి లేఖలకు కంపెనీల నుంచి సాధారణంగా ఎలాంటి సమాధానాలు వస్తాయో, వాటికి లేఖలో కారణం ఎక్కడుందో, ఎలా దిద్దుకోవాలో వరసగా చూద్దాం.

సమస్య: "మీ అభ్యర్థనను పరిశీలిస్తున్నాం" అని జవాబు వచ్చి, అక్కడితో ఆగిపోయింది

"దయతో", "మంజూరు", "ప్రార్థన" అన్న మాటలే కారణం. అవి చదివిన హెచ్‌ఆర్ వాళ్లకు ఇది అడ్వాన్సు అడిగే అర్జీలా కనిపిస్తుంది. అర్జీని ఎన్నాళ్లయినా పరిశీలనలో పెట్టొచ్చు. గ్రాట్యుటీ అలా కాదు. అయిదేళ్లు నిండిన ఉద్యోగి రిటైరైతే అది చట్టం ప్రకారం చెల్లించాల్సిన బాకీ. 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం ఇదే చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, 2020 కూడా 53వ సెక్షన్‌లో ఇదే చెబుతోంది. మన ఉదాహరణలో రిటైర్మెంట్ ఆ తేదీ తర్వాత కాబట్టి లేఖలో కోడ్ పేరే రాయాలి. అంతకు ముందే రిటైరైనవాళ్లయితే 1972 చట్టం, 4వ సెక్షన్ అని రాసుకోవాలి.

దిద్దుబాటు తేలిక. "మంజూరు చేయగలరని ప్రార్థన" తీసేసి "చెల్లించవలసిందిగా కోరుతున్నాను" అని రాయండి. ఎంత మొత్తమో విషయం లైనులోనే కనిపించాలి. మర్యాద తగ్గించాల్సిన అవసరం లేదు. "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి "ధన్యవాదాలతో" అని ముగించవచ్చు. మధ్యలో మాత్రం బతిమాలడం వద్దు. కూతురి పెళ్లి, ఆసుపత్రి ఖర్చులు వంటివీ వద్దు. అవి రాస్తే హక్కు కాస్తా సాయంగా మారిపోతుంది.

సమస్య: కంపెనీ ఒక ఏడాది తగ్గించి లెక్కేసింది

"సుమారు 27 ఏళ్లు" అని ఉద్యోగే రాస్తే కంపెనీ 27 అనే తీసుకుంటుంది. నిజానికి 1998 ఆగస్టు 12 నుంచి 2026 మార్చి 31 వరకు 27 ఏళ్ల 7 నెలల 20 రోజులు. చివర్లో మిగిలిన కాలం ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలి. అంటే 28 ఏళ్లు. సరిగ్గా ఆరు నెలలే ఉంటే ఆ ఏడాది కలవదు, ఆరు నెలలు మించాలి.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ప్రొబేషన్ వదిలేసి, ఉద్యోగం పర్మనెంట్ చేసిన తేదీ నుంచి లెక్కపెట్టి ఉండొచ్చు. ప్రొబేషన్ కూడా సర్వీసే. అందుకే లేఖలో "పర్మనెంట్ అయినప్పటి నుంచి" అని రాయకుండా చేరిన తేదీని అంకెల్లో రాసి, అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాపీ జతచేయాలి. ఆర్డర్ పోయి ఉంటే మొదటి నెల పేస్లిప్ గానీ, చేరిన తేదీ ఉన్న పీఎఫ్ రికార్డు గానీ పనికొస్తుంది. అప్రెంటిస్‌ల చట్టం కింద చేసిన అప్రెంటిస్‌షిప్ మాత్రం ఈ లెక్కలోకి రాదు.

సమస్య: కంపెనీ లెక్కకూ మన లెక్కకూ పొంతన లేదు

ఎక్కువ లేఖలు ఇక్కడే తిరిగొస్తాయి. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మన సూపర్‌వైజర్ చివరి నెల జీతం ఇలా ఉంది: బేసిక్ 31,200, డీఏ 7,800, ఇంటి అద్దె అలవెన్సు 12,000, కన్వేయన్స్ 4,000. మొత్తం 55,000. గ్రాట్యుటీ పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున కడతారు కాబట్టి, ఆయన ఈ మొత్తాన్ని 30తో భాగించి, 15తో, తర్వాత 27తో గుణించారు. 7,42,500 వచ్చింది. అదే ఆయన "ఏడున్నర లక్షలు".

ఇందులో మూడు తప్పులున్నాయి. ఒకటి ఆయనకు ఎక్కువ చూపింది, రెండు తక్కువ చూపాయి. గ్రాట్యుటీకి తీసుకోవాల్సింది చివరిగా అందుకున్న బేసిక్, డీఏ మాత్రమే. ఇంటి అద్దె, కన్వేయన్స్, ఓవర్‌టైమ్, బోనస్ కలపకూడదు. అందువల్ల 55,000 కాదు, 39,000. నెల జీతగాళ్లకు ఒక రోజు జీతం కట్టేటప్పుడు 30తో కాదు, 26తో భాగించాలి. వారానికొక సెలవు రోజు పోగా నెలలో మిగిలే పనిదినాలుగా ఆ 26ను తీసుకుంటారు. ఇక 28 ఏళ్ల సంగతి పైనే చూశాం. సరైన లెక్క ఇది:

39,000 × 15 ÷ 26 = 22,500
22,500 × 28 = 6,30,000 రూపాయలు

ఇప్పుడు కంపెనీ వైపు లెక్క చూడండి. వాళ్లు 39,000 సరిగ్గానే తీసుకుని 30తో భాగించి, 27 ఏళ్లకు కట్టారనుకుందాం. 5,26,500 వస్తుంది. అసలు రావాల్సినదానికంటే 1,03,500 తక్కువ. ఆ తేడా ఉద్యోగి కంటపడాలంటే ఆయన లేఖలో లెక్క మెట్టుమెట్టుగా ఉండాలి. "నాకు ఏడున్నర లక్షలు రావాలి" అని గుండుగుత్తగా రాస్తే కంపెనీ "మీ లెక్క తప్పు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతుంది. అప్పుడు వాళ్ల 30, వాళ్ల 27 చర్చకే రావు. ఎక్కువ అడిగితే బేరంలో కొంచెం తగ్గించి ఇస్తారులే అని కొందరు సలహా ఇస్తారు. నా అభిప్రాయంలో అది చెడ్డ సలహా. లేఖలో ఒక అంకె తప్పని తేలితే మిగతా అంకెల మీదా నమ్మకం పోతుంది.

కంపెనీ లెక్కలో తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక మార్గం ఉంది. వాళ్లిచ్చిన మొత్తాన్ని బేసిక్, డీఏల మొత్తంతో భాగించండి. ఇక్కడ 5,26,500 ÷ 39,000 = 13.5 వస్తుంది. ఇది 27లో సరిగ్గా సగం. జవాబు ఇలా ఏళ్ల సంఖ్యలో సగంగా వచ్చిందంటే 30తో భాగించారని అర్థం. 26తో చేసి ఉంటే 27 ఏళ్లకు దాదాపు 15.58, 28 ఏళ్లకు దాదాపు 16.15 రావాలి.

బేసిక్ బాగా తక్కువ పెట్టి, అలవెన్సులు పెద్దగా చూపించిన జీతమైతే ఇంకో మెట్టు ఉంది. కొత్త కోడ్ ప్రకారం, లెక్కలోంచి తీసేసే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. ఉదాహరణకు 40,000 జీతంలో బేసిక్ 14,000, ఇంటి అద్దె 18,000, కన్వేయన్స్ 8,000 అనుకుందాం. అలవెన్సులు 26,000. సగం అంటే 20,000. దాటిన 6,000 బేసిక్‌కు కలిసి, గ్రాట్యుటీకి వేతనం 20,000 అవుతుంది. మన సూపర్‌వైజర్ విషయంలో అలవెన్సులు 16,000 మాత్రమే. సగం దాటలేదు కాబట్టి 39,000 అలాగే ఉంటుంది.

చట్టం ప్రకారం గరిష్ఠ పరిమితి 20 లక్షలు. కంపెనీ నిబంధనల్లో గానీ, యూనియన్ ఒప్పందంలో గానీ అంతకంటే మెరుగైన లెక్క ఉంటే అదే అడగొచ్చు. అప్పుడు ఆ నిబంధనను లేఖలో పేర్కొనాలి.

సమస్య: గ్రాట్యుటీలోంచి ఏవేవో కోతలు పెట్టారు

"ఏవైనా బాకీలుంటే మినహాయించుకుని" అన్న మాట చూడండి. ఎవరూ అడగకుండానే ఇచ్చిన అంగీకారం అది. గ్రాట్యుటీలో కోత పెట్టడానికి చట్టం చెప్పిన కారణాలు చాలా పరిమితం. ఉద్యోగి చర్య వల్ల కంపెనీకి నష్టం జరిగి, ఆ కారణంగానే ఉద్యోగంలోంచి తొలగించిన సందర్భం వంటివి. మామూలుగా రిటైరైనవారికి అది వర్తించదు. ఆ వాక్యం పూర్తిగా కొట్టేయండి. కోత పెడతామంటే ఏ కారణంతో, ఏ నిబంధన కింద అన్నది వాళ్లే రాతపూర్వకంగా చెప్పాలి.

దిద్దిన తర్వాత లేఖ

> తేదీ: 06-04-2026
>
> మేనేజర్, మానవ వనరుల విభాగం గారికి
>
> విషయం: రిటైర్మెంట్ గ్రాట్యుటీ రూ. 6,30,000 చెల్లింపు గురించి
>
> గౌరవనీయులైన అయ్యా,
>
> నేను మీ మిల్లులో స్టోర్స్ సూపర్‌వైజర్‌గా పనిచేసి 31-03-2026న పదవీ విరమణ పొందాను. నా ఉద్యోగి సంఖ్య: ______. నేను 12-08-1998న ఉద్యోగంలో చేరాను. నా నిరంతర సర్వీసు 27 సంవత్సరాల 7 నెలల 20 రోజులు. ఆరు నెలలు మించిన కాలాన్ని పూర్తి సంవత్సరంగా తీసుకుంటే 28 సంవత్సరాలు.
>
> నా చివరి నెల బేసిక్ రూ. 31,200, డీఏ రూ. 7,800, మొత్తం రూ. 39,000. సామాజిక భద్రతా కోడ్, 2020 సెక్షన్ 53 ప్రకారం నాకు రావలసిన గ్రాట్యుటీ:
>
> 39,000 × 15 ÷ 26 × 28 = రూ. 6,30,000
>
> ఈ మొత్తాన్ని గడువైన 30-04-2026 లోపు నా బ్యాంకు ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. మీ లెక్కలో తేడా ఉంటే, ఏ అంకె దగ్గర తేడా వచ్చిందో రాతపూర్వకంగా తెలియజేయగలరు.
>
> జతపరచినవి: అపాయింట్‌మెంట్ ఆర్డర్, రిలీవింగ్ ఆర్డర్, మార్చి 2026 పేస్లిప్, రద్దు చేసిన చెక్కు.
>
> ధన్యవాదాలతో,
> (సంతకం, చిరునామా, ఫోన్)

నిర్ణీత ఫారం నింపమని కంపెనీ అడిగితే నింపి ఇవ్వండి. 1972 చట్టం నియమాల్లో అది ఫారం I. ఈ లేఖను దానికి జతచేయండి, ఎందుకంటే ఫారంలో ఇంత వివరంగా లెక్క రాసే వీలుండదు.

సమస్య: ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఉలుకూ పలుకూ లేదు

చాలాసార్లు దీనికి కారణం లేఖ కాదు, అది అందిందన్న రుజువు లేకపోవడం. చేతికిస్తే రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, సంతకం తీసుకోండి. లేదంటే అక్నాలెడ్జ్‌మెంట్ ఉండేలా స్పీడ్ పోస్టులో పంపి, అదే లేఖ స్కాన్ చేసి ఈమెయిల్ కూడా పెట్టండి. 30 రోజుల గడువు లేఖ అందిన రోజు నుంచి కాదు, గ్రాట్యుటీ చెల్లించాల్సి వచ్చిన రోజు నుంచి, అంటే ఇక్కడ మార్చి 31 నుంచి మొదలవుతుంది. ఉద్యోగి దరఖాస్తు పెట్టకపోయినా లెక్కగట్టే బాధ్యత కంపెనీదే. ఆలస్యమైతే సాధారణ వడ్డీ కూడా ఇవ్వాలి. పాత చట్టం కింద కేంద్రం 1987లో నోటిఫై చేసిన రేటు ఏడాదికి 10 శాతం.

గడువు దాటాక రెండో లేఖ నాలుగు వాక్యాలు చాలు. మొదటి లేఖ తేదీ, అది అందిన రుజువు, మొత్తం, వర్తించే వడ్డీ. దానికీ జవాబు లేకపోయినా, తక్కువ చెల్లించినా కార్మిక శాఖలో గ్రాట్యుటీ కేసులు చూసే అధికారి దగ్గర దరఖాస్తు వేయాలి. పాత నియమాల్లో దానికి ఫారం N, గడువు 90 రోజులు. ఆ అధికారి ముందు పెట్టాల్సిన కాగితాల్లో మొదటిది మీ లేఖ కాపీయే. అందుకే సంతకం చేసిన కాపీ ఒకటి, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో కలిపి, మొదటి రోజు నుంచే విడిగా దాచి ఉంచండి.