పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్‌కి సెలవు: నాకు పనిచేసిన పద్ధతి

"పర్సనల్ వర్క్" అని సెలవు అడిగితే ప్రతిసారీ వాయిదాయే. శనివారం స్లాట్ కోసం ఎదురుచూడటం, నోటిమాటగా అడగడం, రెండూ కుదరలేదు.

పనిచేసింది ఇది: స్లాట్ బుక్ చేయకముందే, ఇబ్బంది లేని రెండు రోజులు చెప్పమని మేనేజర్‌ని అడిగాను. వాటిలో ఖాళీ ఉన్న రోజు ఉదయం స్లాట్ తీసుకుని, వెంటనే మెయిల్ పెట్టాను:

"సార్, గురువారం ఉదయం పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్ ఉంది. రసీదు జతచేశాను. ఒక పూట సెలవు ఇవ్వగలరు. ఆలస్యమైతే ఫోన్ చేస్తాను."

రసీదు మీద ఏఆర్ఎన్ అనే దరఖాస్తు నంబరు, తేదీ, రిపోర్టింగ్ సమయం ఉంటాయి. అందుకే మళ్లీ ప్రశ్నలు రాలేదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం లోపల ఎ, బి, సి కౌంటర్లు మూడూ దాటాలి, ఎక్కడైనా ఆలస్యం కావచ్చు. కాబట్టి "మధ్యాహ్నానికి తప్పకుండా వస్తా" అని మాత్రం రాయకండి. చివర్లో ఇచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కాగితాన్ని హెచ్ఆర్‌కి పంపితే సరిపోయింది.

షిఫ్టు డ్యూటీల్లో పూట సెలవు ఉండకపోవచ్చు. అక్కడ షిఫ్టు మార్పిడి అడగడమే మేలనుకుంటా.