కోడిపుంజు ఒంట్లో గడియారం ఉందా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

మా బుచ్చిరెడ్డిపాలెం వైపు జనవరిలో పొద్దు పొడిచేసరికి ఆరున్నర దాటుతుంది. పుంజు నాలుగున్నరకే కూత మొదలుపెడుతుంది. అప్పటికి తూర్పున వెలుగు జాడే ఉండదు. అది ఒంట్లో గడియారం పనేనని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో షిమ్మురా, యోషిమురా 2013లో తేల్చారు. పగలూ రాత్రీ తేడా లేకుండా ఒకే మసక వెలుతురులో ఉంచినా, వాళ్ల పుంజులు సుమారు 23.7 గంటలకొకసారి తెల్లవారినట్టే కూశాయి.

ఇదే సంగతి ఇంట్లో తేల్చబోయి చాలామంది గంప మీద గోనెసంచి కప్పుతారు. తెల్లారుజామున కూయగానే "చీకట్లోనూ కూసింది, చూశారా" అంటారు. అది పరీక్షే కాదు. గోనె నేతలోంచి వెలుతురు దూరుతుంది, వీధిలోని పుంజులన్నీ దానికి వినబడుతూనే ఉంటాయి. వెలుగు తగిలినా, పక్క పుంజు కూత విన్నా ఇది బదులు కూస్తుంది. అందుకే నేను పుంజును ఊరికే చీకట్లో దాచను, బల్బు వెలిగే వేళ మార్చి దాని ఒంట్లోని గడియారాన్నే జరుపుతాను.

కావలసినవి తక్కువే: ఏడాది దాటిన నాటు పుంజు ఒకటి, స్లాబు వేసిన చిన్న గది, తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు, టైమర్ సాకెట్, ఒక జీరో బల్బు, రాత్రంతా రికార్డు చేసే పాత ఫోను. రేకుల గది వద్దు, పొద్దెక్కగానే కాగి బయట వేళ ఎంతో పుంజుకి చెప్పేస్తుంది. నాలుగైదు పుంజులు ఉంటే అన్నిటికంటే ముందు కూసేదాన్నే తీసుకోండి. గుంపులో పెత్తనం చేసే పుంజు కూశాకే మిగతావి వరసగా అందుకుంటాయి.

మొదటి పది రోజులు టైమర్‌ను ఉదయం 9 గంటలకు వెలిగి రాత్రి 9కి ఆరేలా పెట్టండి. మేత, నీళ్లు బల్బు వెలిగి ఉన్నప్పుడే, రోజుకో వేళకి పెట్టండి. రోజూ తొమ్మిదికే పెడితే వెలుతురు కోసం కూసిందో గింజల కోసం కూసిందో తేలదు.

అసలు చిక్కు గదిని చీకటి చేయడంలోనే ఉంది. మిట్టమధ్యాహ్నం బల్బు ఆర్పి, లోపలికెళ్లి తలుపేసుకుని పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదటి నిమిషంలో ఏమీ కనబడదు, ఆ ధీమాతోనే అందరూ బయటికొచ్చేస్తారు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక తలుపు కిందా, తాళం కన్నంలోనూ, కరెంటు వైరు గోడలోకి దూరిన చోటా వెలుతురు గీతలు తేలతాయి. నల్లగుడ్డ కుక్కి, అరచేయి ముఖం ముందు ఆడించినా కనబడనంతవరకూ మళ్లీ కూర్చోండి.

ఇది ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. కోడికి వెలుతురు కంటిలోంచే కాదు, పుర్రె ఎముకలోంచి కూడా మెదడుకు అందుతుంది. దాని గడియారంలో ఒక భాగమైన పీనియల్ గ్రంథి నేరుగా వెలుతురును పసిగడుతుంది. సందులోంచి ఆరున్నరకు చొరబడే చిన్న గీత చాలు, మీ తొమ్మిది గంటల లెక్క తారుమారు కావడానికి. అలాగని గాలి ఆడే దారి మూసేయకండి, ఊపిరాడక పుంజు చస్తుంది. వెంటిలేటర్‌కి నల్ల రంగేసిన వంపు పైపు పెడితే గాలి తిరుగుతుంది, వెలుతురు తిరగదు. ఎండాకాలంలో ఈ పని అసలు మొదలుపెట్టొద్దు.

వీధి పుంజుల కూతను ఆపలేం. ఆపక్కర్లేదు కూడా. నాలుగున్నరకు వాటికి బదులుగా ఒకటి రెండు కూతలు వస్తే రాయండి, కంగారు పడకండి. చూడవలసింది వరసగా కూసే వేళ.

పోయిన ఫిబ్రవరిలో నా కాకిడేగ పుంజును ఇలాగే ఉంచాను. నాలుగైదు రోజులు వీధితో పాటే కూసి, మెల్లగా వెనక్కి జరిగింది. పదో రోజు వరస కూతలు 7:20కి మొదలయ్యాయి. బయట అప్పటికే బాగా తెల్లారిపోయింది. గదిలో మాత్రం చిమ్మచీకటి, బల్బు వెలగడానికి ఇంకా గంటా నలభై నిమిషాలుంది. వెలగబోయే బల్బును ముందే పసిగట్టింది.

ఆ రాత్రి బల్బు ఆరే వేళకి టైమర్ తీసేసి జీరో బల్బు ఒక్కటే వెలిగించి వదిలాను. పూర్తి చీకటైతే కోడి మేత ముట్టదు, పెద్ద బల్బు ఆపకుండా వెలిగితే గడియారమే చెదిరిపోతుంది. మర్నాడు 7:05కి, ఆపైన 6:45కి, 6:30కి, 6:10కి కూత అందుకుంది. రోజుకి పావుగంట, ఇరవై నిమిషాలు ముందుకొస్తున్నదంటే దాని రోజు 24 గంటలకు కాస్త తక్కువన్నమాట. రోజూ అసలు వెలుతురు తగిలితేనే ఆ తేడా సర్దుకుంటుంది.

ఐదో రోజుకి ఆపేయండి. మసక వెలుతురులో రెండు వారాలు గడిస్తే వరస చెదిరి, ఏ వేళలో పడితే ఆ వేళలో కూస్తుంది. అది చూసి గడియారం లేదనుకుంటే పొరపాటు. పుంజును పొద్దు పొడవకముందే పెరట్లోకి వదలండి. వారం తిరిగేసరికి మళ్లీ వీధితో పాటు కూస్తుంది.